గుంటూరు దాకా వెళ్లిన సిన్‌కు జవాబు ఎందుకు రాలేదు

(విజయవాడలో చిన్న సంస్థల నెట్‌వర్కులు చూసుకునే సాంకేతిక నిపుణుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)

మిత్రులందరికీ నమస్కారం. ఈ పూట మీతో ఒకే ఒక్క కనెక్షన్ గురించి మాట్లాడతాను. అది రెండు రోజుల్లో రెండు రకాలుగా తెగిపోయింది. రెండుసార్లూ వాడేవారికి కనిపించిన లక్షణం ఒక్కటే, కాని వైర్‌షార్క్‌లో కనిపించిన దృశ్యాలు వేరు, కారణాలు వేరు. ఆ రెండింటినీ ఎలా విడదీసి చూశామో అంచెలంచెలుగా చెబుతాను.

గుంటూరులో మిర్చి నిల్వ చేసే ఒక శీతల గిడ్డంగి ఉంది. దాని యాజమాన్యానికే విజయవాడ గవర్నరుపేటలో ఒక చిన్న ఆఫీసు ఉంది. ఏ రైతు ఎన్ని టిక్కీలు పెట్టాడు, అద్దె ఎంత, ఎవరికి ఎన్ని విడుదల చేశారు అన్న లెక్కలన్నీ గుంటూరు గిడ్డంగిలోని ఒక లైనక్స్ సర్వర్‌లో ఉంటాయి. విజయవాడ ఆఫీసులో విండోస్ కంప్యూటర్ల మీద ఒక ప్రోగ్రాం నడుస్తుంది. అది ఇంటర్నెట్ మీదుగా ఆ సర్వర్ 8443 పోర్టుకు, టీఎల్‌ఎస్ గుప్తీకరణతో కనెక్ట్ అవుతుంది. మార్చి నెల, యార్డుకు సరుకు ముమ్మరంగా వచ్చే రోజులు. ఒక ఉదయం విజయవాడ ఆఫీసులో లెక్కలు చూసే ఆవిడ ఫోన్ చేసి, "సార్, గుంటూరు కలవడం లేదండీ, కాసేపు తిరిగి తిరిగి ఎర్రర్ వస్తోందండీ" అన్నారు. గుంటూరుకు ఫోన్ చేస్తే గిడ్డంగి గుమాస్తా "మాకు బాగానే ఉందండీ, ఇప్పుడే రెండు బిల్లులు కొట్టాను" అన్నాడు. లోపల పనిచేస్తోంది, బయటి నుంచి పనిచేయడం లేదు.

ఇలాంటప్పుడు చాలామంది ముందుగా రూటర్ ఆపి మళ్లీ ఆన్ చేస్తారు. నేను అలా చేయవద్దని చెప్పాను. రూటర్ ఆపి ఆన్ చేస్తే అందులోని కనెక్షన్ల పట్టిక చెరిగిపోతుంది, ఒక్కోసారి సమస్య తాత్కాలికంగా సర్దుకుంటుంది, కారణం మాత్రం తెలియకుండానే మిగిలిపోతుంది. పాడైన స్థితి పాడైనట్టే ఉండగా ప్యాకెట్లు పట్టుకోవాలి.

విజయవాడ కంప్యూటర్‌లో వైర్‌షార్క్ తెరిచి, ఈథర్నెట్ ఇంటర్‌ఫేస్ ఎంచుకుని, క్యాప్చర్ ఫిల్టర్ గడిలో `tcp port 8443` అని రాసి మొదలుపెట్టాం. తర్వాత ఆవిడను ప్రోగ్రాం ఒక్కసారి మాత్రమే తెరవమన్నాను. ఒక్కసారి అని నొక్కి చెప్పడానికి కారణం ఉంది. విసుగుతో పదిసార్లు క్లిక్ చేస్తే పది ప్రయత్నాల ప్యాకెట్లు కలగాపులగంగా పడతాయి, వాటిలో ఏ సిన్ దేనికి చెందినదో విడదీయడమే ఒక పని అవుతుంది. నాకు తెరమీద ఐదంటే ఐదు వరుసలు కనిపించాయి. ఐదూ సిన్ ప్యాకెట్లే, ఐదూ విజయవాడ నుంచి బయలుదేరినవే. మొదటిది సున్నా క్షణాన, తర్వాతివి ఒకటో సెకనున, మూడో సెకనున, ఏడో సెకనున, పదిహేనో సెకనున. రెండోదాని నుంచి ప్రతి వరుసకూ వైర్‌షార్క్ `[TCP Retransmission]` అని గుర్తు పెట్టింది. ఇరవై ఒకటో సెకను దగ్గర ప్రోగ్రాం ఎర్రర్ చూపించింది.

ఆ అంకెల మధ్య ఎడం గమనించండి: ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది. ప్రతిసారీ రెట్టింపు. టీసీపీ తన ప్యాకెట్‌కు జవాబు రానప్పుడు, దారిలో రద్దీ ఉందేమోనని ప్రతిసారీ రెట్టింపు కాలం ఆగి మళ్లీ పంపుతుంది. మొదటి నిరీక్షణ ఒక సెకను ఉండాలన్నది 2011లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 6298 సూచన, అంతకుముందు అది మూడు సెకన్లు. పాత విండోస్ యంత్రాల్లో ఇప్పటికీ మూడు, ఆరు ఎడాలు కనిపించవచ్చు. అంకెలు ఏవైనా ఈ రెట్టింపు నడక కనిపించిందంటే, పంపినవాడికి ఎదుటి నుంచి ఏ మాటా వినిపించడం లేదని అర్థం.

ఏ మాటా అన్నది ఇక్కడ కీలకం. సర్వర్‌లో ఆ పోర్టు మీద ఏ ప్రోగ్రామూ వినకపోతే, మామూలుగా సర్వర్ వెంటనే రీసెట్ ప్యాకెట్ పంపుతుంది. వాడేవారికి "కనెక్ట్ కావడం లేదు" అనే కనిపించినా, క్యాప్చర్‌లో ఎరుపు వరుస ఒకటి స్పష్టంగా ఉంటుంది. అది తిరస్కారం, అంటే సిన్ ఎదుటి యంత్రానికో, దాని ముందున్న ఫైర్‌వాల్‌కో చేరిందన్నమాట. మాకు కనిపించింది తిరస్కారం కాదు, మౌనం. మౌనానికి మూడు అర్థాలున్నాయి. మన సిన్ దారిలోనే పోయి ఉండవచ్చు. సర్వర్ దాకా చేరినా దాని ఫైర్‌వాల్ చప్పుడు లేకుండా పారేసి ఉండవచ్చు. లేదా సర్వర్ జవాబు ఇచ్చినా ఆ జవాబు తిరుగుదారిలో పోయి ఉండవచ్చు. విజయవాడ చివర కూర్చుని ఎంతసేపు చూసినా ఈ మూడింటి మధ్య తేడా తెలియదు. మూడు సందర్భాల్లోనూ ఇక్కడి దృశ్యం అచ్చంగా ఇవే ఐదు సిన్లు. ఈ మాట నేను గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే ఒక్క చివరి క్యాప్చర్ చూసి "సర్వర్ జవాబివ్వడం లేదు" అని నివేదిక రాసేవారిని చాలామందిని చూశాను. నిజానికి ఆ క్యాప్చర్ చెప్పేది "జవాబు ఇక్కడికి రాలేదు" అన్నంత వరకే.

అందుకని రెండో చివర కూడా పట్టుకోవాలి. గుంటూరు సర్వర్‌కు తెర లేదు, కాబట్టి అక్కడ `tcpdump` తో ఫైలులోకి పట్టుకుని, ఆ ఫైలును తెచ్చి వైర్‌షార్క్‌లో తెరిచాం.

```
sudo tcpdump -i eth0 -s 128 -w guntur.pcap 'tcp port 8443'
```

ఇందులో `-s 128` అంటే ప్రతి ప్యాకెట్‌లో మొదటి 128 బైట్లు మాత్రమే దాచుకోమని. మనకు కావలసిన హెడర్లు ఆ మేరకు వచ్చేస్తాయి, ప్యాకెట్ అసలు పొడవు ఎంతో కూడా నమోదవుతుంది, లోపలి సమాచారం మాత్రం చాలావరకు పడదు. ఫైలు చిన్నగా ఉంటుంది, రైతుల లెక్కలు నా లాప్‌టాప్‌లోకి రావు. ఈ ఆదేశం రాయడంలో నేనొక పొరపాటు చేశాను, అది మర్నాడు బయటపడింది. అక్కడికి వచ్చినప్పుడు చెబుతాను.

రెండు చివర్ల ఫైళ్లనూ పక్కపక్కన పెట్టేటప్పుడు ఒక చిక్కు వస్తుంది. రెండు యంత్రాల గడియారాలు సరిగ్గా కలవవు. మధ్యలో రూటర్లు చిరునామాలను, ఒక్కోసారి పోర్టు సంఖ్యలను మారుస్తాయి. మరి ఇక్కడి మూడో సిన్, అక్కడి మూడో సిన్ ఒకటేనని ఎలా తెలుసుకోవాలి? సీక్వెన్స్ సంఖ్యతో. చిరునామాలు మార్చే మామూలు రూటర్లు దానిని ముట్టుకోవు. అయితే వైర్‌షార్క్ మన సౌకర్యం కోసం ప్రతి కనెక్షన్ సంఖ్యలనూ సున్నా నుంచి మొదలుపెట్టి చూపిస్తుంది, కాబట్టి అసలు సంఖ్య కోసం `tcp.seq_raw` అన్న ఫీల్డును ఒక నిలువు వరుసగా పెట్టుకోవాలి. ఇక్కడి సిన్‌లోని పది అంకెల సంఖ్య, అక్కడి సిన్‌లో అక్షరాలా కనిపించింది. అంటే మా సిన్లు గుంటూరు చేరాయి. మొదటి అనుమానం తీరిపోయింది.

ఆ వెంటనే రెండోదీ తీరిపోయింది. ప్రతి సిన్‌కూ సర్వర్ సిన్-యాక్ పంపింది. పంపిన దానికి చివరి యాక్ రాకపోయేసరికి తన లెక్క ప్రకారం అది కూడా మళ్లీ మళ్లీ పంపింది. గుంటూరు ఫైలులో సిన్-యాక్‌ల సంఖ్య సిన్‌ల సంఖ్య కంటే ఎక్కువగా ఉంది. విజయవాడ వాళ్లు గుంటూరు మాట్లాడడం లేదనుకుంటున్నారు, గుంటూరు సర్వర్ విజయవాడ వినడం లేదనుకుంటోంది, ఇద్దరూ మాట్లాడుతూనే ఉన్నారు.

ఇక తిరుగుదారి. జవాబు సర్వర్ నుంచి బయటికి వెళ్లాక ఎటు పోయింది? దీనికి ఆధారం ఐపీ హెడర్‌లో లేదు. దానికింద, చాలామంది విప్పి చూడని ఈథర్నెట్ హెడర్‌లో ఉంది. వచ్చిన సిన్‌ను విప్పి చూస్తే, దాన్ని సర్వర్‌కు అందించిన మ్యాక్ చిరునామా పాత రూటర్‌ది, అంటే 192.168.10.1 ది. వెళ్లిన సిన్-యాక్‌ను విప్పి చూస్తే, అది చేరవలసిన మ్యాక్ చిరునామా వేరొకటి. ఆ చిరునామా ఎవరిదని లోపలి నెట్‌వర్క్‌లో వెతికితే 192.168.10.2 అని తేలింది. అలాంటి రూటర్ ఒకటుందని నాకు అప్పటిదాకా తెలియదు. గిడ్డంగి గుమాస్తాను అడిగితే, "నిన్న సాయంత్రం కొత్త ఫైబర్ లైన్ వేశారండీ, పాతది నెమ్మదిగా ఉందని. లైన్ వేసినాయన సర్వర్‌లో కూడా ఏదో మార్చి వెళ్లాడండీ" అన్నాడు.

లైన్ వేసినాయన మార్చింది సర్వర్ డిఫాల్ట్ గేట్‌వే. బయటి నుంచి వచ్చే కనెక్షన్లను 8443 పోర్టుకు మళ్లించే నియమం పాత రూటర్‌లోనే ఉంది. విజయవాడ ప్రోగ్రాంలో ఉన్నది కూడా పాత లైన్ చిరునామానే. కాబట్టి సిన్ పాత గుమ్మంలోంచి లోపలికి వచ్చింది, సర్వర్ జవాబును కొత్త గుమ్మం వైపు పంపింది. కొత్త రూటర్ ఆ సిన్‌ను ఎప్పుడూ చూడలేదు. చూడని సిన్‌కు సిన్-యాక్ వస్తే, కనెక్షన్ల పట్టిక చూసుకుని నడిచే రూటర్ దానిని చెల్లనిదిగా పారేస్తుంది. ఒకవేళ పంపించినా అది కొత్త లైన్ చిరునామాతో విజయవాడ చేరుతుంది, తాను ఎన్నడూ పలకరించని చిరునామా నుంచి వచ్చిన జవాబును విజయవాడ రూటర్ లోపలికి రానివ్వదు. గిడ్డంగిలో ఉన్నవారికి ఏ ఇబ్బందీ లేకపోవడానికి కారణం కూడా ఇదే, వారి ప్యాకెట్లకు గేట్‌వేతో పనే లేదు.

పాత లైన్ ఎలాగూ తీసేస్తామన్నారు కనుక, మళ్లింపు నియమాన్ని కొత్త రూటర్‌లో రాసి, విజయవాడ ప్రోగ్రాంలో కొత్త లైన్ చిరునామా పెట్టించాను. సిన్, సిన్-యాక్, యాక్ మూడూ కళ్లముందు వరుసగా పడ్డాయి. రాత్రయింది, ఆఫీసు మూసేస్తున్నారు, అంతటితో ఇంటికి వెళ్లిపోయాను. ప్రోగ్రాం తెరిచి ఒక బిల్లు చూసే దాకా ఆగవలసింది.

మర్నాడు ఉదయం మళ్లీ అదే ఫోను, అదే మాట: తిరిగి తిరిగి ఎర్రర్ వస్తోంది. ముందురోజు సమస్యే తిరగబడిందని అందరూ అనుకున్నారు. క్యాప్చర్ చూస్తే అది కాదు. ఈసారి మూడు మెట్ల హ్యాండ్‌షేక్ పూర్తయింది. సిన్ వెళ్లిన 24 మిల్లీసెకన్లకు సిన్-యాక్ వచ్చింది. విజయవాడకు గుంటూరుకు మధ్య దూరం 35 కిలోమీటర్ల చిల్లరే అయినా, రెండు చోట్లా లైన్లు వేర్వేరు కంపెనీలవి కావడంతో ప్యాకెట్లు ఎక్కడో దూరాన కలుసుకుని వస్తాయి, కాబట్టి ఆ 24లో వింతేమీ లేదు. ఆ సంఖ్యను మాత్రం ఎప్పుడూ రాసి పెట్టుకోండి, తర్వాత వచ్చే ఎడాలన్నింటినీ దానితోనే పోల్చాలి.

హ్యాండ్‌షేక్ తర్వాత విజయవాడ ప్రోగ్రాం టీఎల్‌ఎస్ సంభాషణ మొదలుపెడుతూ `Client Hello` పంపింది. అది 517 బైట్లు. సర్వర్ నుంచి దానికి యాక్ వచ్చింది. ఆ తర్వాత రావలసినవి `Server Hello`, సర్టిఫికెట్. అవి రాలేదు. వాటికి బదులు ఒక ప్యాకెట్ వచ్చింది, దాని మీద వైర్‌షార్క్ `[TCP Previous segment not captured]` అని రాసింది. అంటే ఈ ప్యాకెట్‌కు ముందు రావలసిన బైట్లు కొన్ని ఈ ఫైలులో లేవని. విజయవాడ యంత్రం వెంటనే ఒక డూప్లికేట్ యాక్ పంపింది. తర్వాత నిశ్శబ్దం. ముప్పై సెకన్లకు ప్రోగ్రాం విసిగి కనెక్షన్ తెంపేసింది. టీసీపీ హ్యాండ్‌షేక్‌కు జవాబు దొరికింది, దాని మీద నడిచే రెండో హ్యాండ్‌షేక్‌కు దొరకలేదు.

ఆ డూప్లికేట్ యాక్‌ను కాస్త నిదానంగా చదువుదాం, కారణం సగం అందులోనే ఉంది. అందులో యాక్ సంఖ్య 1. అంటే "సర్వర్ నుంచి నాకు మొదటి బైటు కూడా ఇంకా అందలేదు" అని. దాని పక్కనే ఎంపిక చేసిన యాక్ అనే భాగంలో `SLE=2921 SRE=3621` అని ఉంది. అంటే "కాని 2921వ బైటు నుంచి 3620వ బైటు దాకా ఉన్న 700 బైట్ల తునక మాత్రం అందింది" అని. మరి అందనివెన్ని? 1 నుంచి 2920 దాకా. 2920ని రెండుతో భాగిస్తే 1460. ఆ అంకె మీకందరికీ తెలిసినదే, 1500 బైట్ల ప్యాకెట్‌లో ఐపీ హెడర్ 20, టీసీపీ హెడర్ 20 పోగా మిగిలే చోటు. నిండు ప్యాకెట్లు రెండూ పోయాయి, చివరి చిన్న ప్యాకెట్ ఒక్కటే చేరింది. లైన్ బాగోలేక ప్యాకెట్లు పోతే పెద్దవీ చిన్నవీ కలిసి పోతాయి. ఎన్నిసార్లు ప్రయత్నించినా నిండువి మాత్రమే పోయి చిన్నవి మాత్రమే చేరుతున్నాయంటే, దారిలో ఎక్కడో ద్వారం ఇరుకుగా ఉందని అనుమానించాలి.

గుంటూరు ఫైలు తెరిస్తే రెండో సగం కనిపించింది. అక్కడ మొదటి వరుసే కొత్తవారిని తికమక పెడుతుంది. సర్వర్ పంపిన డేటా ఒకే 3674 బైట్ల ఫ్రేముగా కనిపించింది. ఈథర్నెట్ మీద అంత పెద్ద ఫ్రేము ఎలా వెళ్తుందని మీరు అడగవచ్చు. వెళ్లలేదు. కర్నెల్ పెద్ద ముద్దను నెట్‌వర్క్ కార్డుకు అప్పగిస్తుంది, ముక్కలు చేసే పని కార్డు చేస్తుంది, క్యాప్చర్ మాత్రం కార్డు కంటే ముందే, ముద్దగా ఉన్నప్పుడే జరుగుతుంది. ఇదే ఇబ్బందిగా అనిపిస్తే క్యాప్చర్ జరిగేంతసేపు `ethtool -K eth0 tso off gso off gro off` అని ఆ సౌకర్యం ఆపవచ్చు, లేదా స్విచ్‌లో మిర్రర్ పోర్టు పెట్టి బయటి నుంచి పట్టుకోవచ్చు.

ఆ ముద్ద తర్వాత విజయవాడ పంపిన డూప్లికేట్ యాక్ కనిపించింది, దాని వెంటే రీట్రాన్స్‌మిషన్లు మొదలయ్యాయి. ఇవి విడి ప్యాకెట్లు, ఒక్కొక్కటి 1514 బైట్ల ఫ్రేము. మొదటిది త్వరగానే వెళ్లింది. తర్వాతివాటి ఎడాలు సుమారుగా సెకనులో పావు వంతు, అర, ఒకటి, రెండు, నాలుగు, ఇలా రెట్టింపవుతూ పోయాయి. ప్రతిదానిలోనూ సీక్వెన్స్ సంఖ్య 1, పొడవు 1460. మార్పు లేదు. ఇక్కడ `tcp.analysis.retransmission` అనే ఫిల్టర్ పెట్టి వరుసల సంఖ్య లెక్కపెట్టి ఊరుకుంటే లాభం లేదు. మామూలు ఇంటర్నెట్ లైన్ మీద అక్కడక్కడా ఒకటీ అరా రీట్రాన్స్‌మిషన్లు ఉంటూనే ఉంటాయి, ఒక్కో ప్యాకెట్ ఒక్కసారి పోయి రెండోసారికి చేరుతుంది. చూడవలసింది ఒకే సీక్వెన్స్ సంఖ్య, ఒకే పొడవుతో మళ్లీ మళ్లీ వస్తోందా, మధ్యలో ఎదుటివారి యాక్ ముందుకు కదిలిందా అన్నది. ఇక్కడ యాక్ ఒక్క బైటు కూడా కదలలేదు.

ఇక నా పొరపాటు. నిండు ప్యాకెట్ పట్టనంత ఇరుకు ద్వారం దగ్గర రూటర్ ఊరుకోదు. "ఇది ఈ దారిలో పట్టదు, ఇంత కంటే చిన్నది పంపు" అని పంపినవాడికి ఐసీఎంపీ సందేశం పంపుతుంది. ఈ ఏర్పాటు 1990 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1191 నుంచి ఉంది. ఆ సందేశం నా ఫైలులో లేదు కాబట్టి, రూటరే పంపడం లేదని తేల్చేసి అరగంట సేపు రూటర్ సెట్టింగులు వెతికాను. నిజానికి నా క్యాప్చర్ ఫిల్టర్ `tcp port 8443`. ఐసీఎంపీ టీసీపీ కాదు, దానికి పోర్టు లేదు, ఫిల్టరే దానిని గుమ్మం దగ్గర ఆపేసింది. విజయవాడ చిరునామాతో `host` ఫిల్టర్ పెట్టినా దొరికేది కాదు, ఎందుకంటే ఆ సందేశం విజయవాడ నుంచి రాదు, మధ్యలోని రూటర్ నుంచి వస్తుంది. చూపించే ఫిల్టర్ ఎంత ఇరుకుగా పెట్టినా తర్వాత వెడల్పు చేసుకోవచ్చు, పట్టుకునే ఫిల్టర్ వదిలేసినది మాత్రం మళ్లీ రాదు. ఆదేశం ఇలా మార్చి మళ్లీ పట్టుకున్నాను.

```
sudo tcpdump -i eth0 -s 128 -w guntur2.pcap 'tcp port 8443 or icmp'
```

ఈసారి వైర్‌షార్క్‌లో `icmp.type == 3 && icmp.code == 4` అని వెతికితే, ప్రతి నిండు ప్యాకెట్ వెంటే కొత్త రూటర్ 192.168.10.2 నుంచి ఒక సందేశం కనిపించింది. అందులో తర్వాతి అంచె ఎంటీయూ 1492 అని స్పష్టంగా రాసి ఉంది. ఆ సందేశంలో, పారేసిన ప్యాకెట్ హెడర్ ముక్క కూడా ఉంటుంది. దానిలోని సీక్వెన్స్ సంఖ్య మా రీట్రాన్స్‌మిషన్ సంఖ్యతో సరిపోయింది, కాబట్టి ఏ ప్యాకెట్ గురించి ఈ ఫిర్యాదు అన్నదాంట్లో సందేహం లేదు. 1492 ఎక్కడిదంటే, కొత్త ఫైబర్ లైన్ పీపీపీఓఈ పద్ధతిలో లాగిన్ అవుతుంది. ప్రతి ప్యాకెట్‌కూ దాని పైతొడుగు 8 బైట్లు. 1500లోంచి 8 పోతే 1492. పాత లైన్‌కు ఆ తొడుగు లేదు.

రూటర్ చెబుతోంది, సర్వర్ దగ్గరికి మాట వస్తోంది, అయినా సర్వర్ మళ్లీ అదే 1514 బైట్ల ఫ్రేము పంపుతోంది. ఎందుకు? ఇక్కడ క్యాప్చర్ జరిగే చోటు ఎక్కడో తెలిసి ఉండాలి. లోపలికి వచ్చే ప్యాకెట్లను `tcpdump` అయినా వైర్‌షార్క్ అయినా ఆ యంత్రపు ఫైర్‌వాల్ కంటే ముందే చూస్తుంది. బయటికి వెళ్లేవాటిని ఫైర్‌వాల్ దాటాక చూస్తుంది. కాబట్టి వచ్చినట్టు కనిపించిన ప్యాకెట్ కర్నెల్‌కు అందిందని హామీ లేదు. సర్వర్ ఫైర్‌వాల్ నియమాలు చూస్తే, ఎప్పుడో ఎవరో బయటివాళ్లు పింగ్ చేయకూడదని ఐసీఎంపీ మొత్తాన్ని పారేసే నియమం అన్నింటికంటే పైన రాసి పెట్టారు. పింగ్‌తో పాటు ఈ సందేశం కూడా అక్కడే పోతోంది. పాత లైన్ మీద దీని అవసరం ఎప్పుడూ పడలేదు కనుక ఎవరికీ తెలియలేదు.

ఆ నియమాన్ని సరిచేసి, గమ్యం చేరలేదని చెప్పే ఐసీఎంపీ సందేశాలను, అంటే టైప్ 3 ను, లోపలికి రానిచ్చాను. దానితోనే కనెక్షన్ నడిచింది. అయినా అక్కడితో ఆగలేదు, ఒక్క సర్వర్ సరిచేస్తే రేపు అక్కడ పెట్టే మరో యంత్రం మళ్లీ ఇదే గోతిలో పడుతుంది. కొత్త రూటర్‌లో ఎంఎస్ఎస్‌ను తగ్గించే సౌకర్యం ఉంది, దానిని 1452కు పెట్టాను. అప్పుడు రూటర్ తన గుండా వెళ్లే సిన్, సిన్-యాక్‌లలో "నాకు ఇంత ముక్కలు పంపు" అని రాసుకునే అంకెనే దిద్దుతుంది, ఇక పెద్ద ప్యాకెట్ పుట్టనే పుట్టదు. పని చేసిందో లేదో కూడా క్యాప్చర్‌లోనే చూశాం. విజయవాడ నుంచి బయలుదేరేటప్పుడు సిన్‌లో ఎంఎస్ఎస్ 1460, అదే సిన్ గుంటూరు ఫైలులో 1452. సర్వర్ పంపే విడి ఫ్రేములు 1514కు బదులు 1506 దగ్గర ఆగాయి. `Server Hello` వచ్చింది, సర్టిఫికెట్ వచ్చింది, ఈసారి ఆవిడ బిల్లు తెరిచి చూసి ప్రింటు తీసుకునే దాకా నేను కుర్చీలోంచి లేవలేదు.

ఇప్పుడు మీ ప్రశ్నలు.

(ఒక శ్రోత: మిర్రర్ పోర్టు పెట్టి పట్టుకుంటే ప్రతి ప్యాకెట్‌కూ రీట్రాన్స్‌మిషన్ అని చూపిస్తోందండీ. లైన్ మాత్రం బాగానే నడుస్తోంది.)

అది లైన్ తప్పు కాదు, మిర్రర్ అమరిక తప్పు. ఒకే ప్యాకెట్‌ను స్విచ్‌లోకి వచ్చేటప్పుడు ఒకసారి, వెళ్లేటప్పుడు ఒకసారి రెండుసార్లు పట్టుకుంటున్నారు. రెండు వరుసల మధ్య ఎడం చూడండి, మైక్రోసెకన్లలో ఉంటుంది. ఏ టీసీపీ కూడా అంత తొందరగా మళ్లీ పంపదు. ఐపీ హెడర్‌లోని `ip.id` కూడా పోల్చండి. నిజంగా మళ్లీ పంపిన ప్యాకెట్‌కు సాధారణంగా కొత్త సంఖ్య వస్తుంది, రెండుసార్లు పట్టుకున్న ప్యాకెట్‌కు అదే సంఖ్య ఉంటుంది. మిర్రర్‌ను ఒక దిశకు సరిచేయండి. అప్పటిదాకా ఉన్న ఫైలును `editcap -d` తో శుభ్రం చేసుకుని చదవవచ్చు.

(మరొక శ్రోత: మా సర్వర్ వేరే కంపెనీ దగ్గర ఉందండీ. రెండో చివర పట్టుకోనివ్వరు. అప్పుడేం చేయాలి?)

సిన్‌కే జవాబు రాకపోతే, ఒక చివర నుంచి మీరు చేయగలిగేది కొంతే. అదే సిన్‌ను వేరే లైన్ మీద నుంచి, ఉదాహరణకు ఫోన్ హాట్‌స్పాట్ మీద నుంచి పంపి చూడండి. అక్కడ జవాబు వస్తే సర్వర్ బతికే ఉంది, తేడా మీ దారిలోనో, మీ చిరునామాను వారు ఆపడంలోనో ఉంది. మీ సిన్ బయలుదేరిన సమయం, మీ బయటి చిరునామా, సీక్వెన్స్ అసలు సంఖ్య, ఈ మూడూ రాసి వారికి పంపండి, వారి చివర వెతకడానికి అవి సరిపోతాయి.

హ్యాండ్‌షేక్ అయ్యాక ఆగిపోతుంటే మాత్రం మీ చేతిలో ఒక పరీక్ష ఉంది. మీ విండోస్ కంప్యూటర్‌లో నిర్వాహకుడి హక్కులతో ఈ ఆదేశం ఇవ్వండి, కొటేషన్లలో మీ ఇంటర్‌ఫేస్ పేరు ఉండాలి.

```
netsh interface ipv4 set subinterface "Ethernet" mtu=1400 store=active
```

ఇప్పుడు మళ్లీ కనెక్ట్ చేసి క్యాప్చర్ చూడండి. మీ సిన్‌లో ఎంఎస్ఎస్ 1360కి తగ్గి ఉంటుంది, కాబట్టి ఎదుటి సర్వర్ కూడా అంతకు మించిన ముక్కలు పంపదు. కనెక్షన్ నడిచిందంటే అడ్డు ప్యాకెట్ పొడవు దగ్గరే ఉంది. అలాగే ఆగిపోయిందంటే పొడవు కాదు, వేరే చోట వెతకాలి. `store=active` అన్నాం కనుక కంప్యూటర్ మళ్లీ మొదలుపెట్టగానే పాత అంకె తిరిగి వస్తుంది. పరీక్ష అయ్యాక అలా తిరిగి వచ్చిందో లేదో ఒక కొత్త సిన్ పట్టుకుని చూసుకోండి.